ఏడు చేపల కథలో చీమ "కుట్టనా?" అంటుంది కదా, ఆ మాట మార్చవచ్చా?

మా తాతయ్య కథ చెప్పే తీరును మా పాప కోసం రాసిపెడుతున్నాను. కథ అందరికీ తెలిసిందే, విసుర్లు మాత్రం ఆయనవి. చివరి ముక్క ఇలా వచ్చింది:

"ఊఁ కొట్టు, లేకపోతే కథ ఊరెళ్లిపోద్ది. ఎక్కడున్నాం? ఆఁ, ఏడో చేప. 'ఏవే చేపా, ఆరు చేపలూ బుద్ధిగా ఎండితే నీకొక్కదానికీ ఏం రోగం?' 'గడ్డిమోపు అడ్డొచ్చింది.' 'ఏం మోపా, పక్కకి జరగడానికి నీకేం పోయేకాలం?' 'ఆవు మెయ్యలేదు.' ఆవునడిగితే పాలేరు మీద, పాలేరునడిగితే అవ్వ మీద, అవ్వనడిగితే పిల్లోడి మీద. అందరూ నీలాంటోళ్లే, తప్పు నాదన్నవాడు ఒక్కడు లేడు. 'ఒరే, ఎందుకేడ్చావురా?' 'చీమ కుట్టింది.' 'ఏవే చీమా, ఆవగింజంత లేవు, ఎందుకు కుట్టావే?' 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా? ఆఁ? కుట్టనా?'"

రెండో "కుట్టనా"కి ఆయన చెయ్యి దుప్పట్లోకి దూరి నడుం దగ్గర గిల్లేది. మేం "వద్దు వద్దు" అని అరిచేవాళ్లం. బెంగళూరులో పెరుగుతున్న మా పాపకి మొదటి "కుట్టనా" అర్థం కాలేదు. "చీమ పర్మిషన్ అడుగుతోందా?" అంది. "కుట్టకుండా ఉంటానా" అని మార్చమని అక్క అంటోంది. నాకు మనసొప్పడం లేదు.

ఇద్దరు పిల్లల తల్లి: పడుకునే ముందు "ఏం రోగం", "పోయేకాలం" లాంటి మాటలు అవసరమా అండీ? మా వాడు మర్నాడు స్కూల్లో అనేస్తాడు.

అడిగినవారు: నా ప్రశ్న దాని గురించి కాదండీ. అయినా ఆయన తిట్టేది చేపని, మోపుని. పిల్లల్ని అనేది "నీలాంటోళ్లే" ఒక్కటే. అవి తీసేస్తే అది ఆయన గొంతు కాదు.

కొత్త సభ్యుడు: "కుట్టను" అనే మాటకి ప్రశ్నార్థకం "ఆ" చేరితే "కుట్టనా". అంటే "కుట్టకుండా ఉంటానా" అనే. పర్మిషన్ అర్థం ఈమధ్య సినిమా డైలాగుల వల్ల వచ్చిన తప్పు వాడుక.

రిటైర్డ్ తెలుగు మాస్టారు: మొదటి సగం సరే బాబూ, రెండోది కాదు. "మంచినీళ్లు తేనా?" అని మీ ఇంట్లో అనరా? అది తప్పు వాడుక కాదు, "తెమ్మంటారా" అని అడగడం. "నువ్వడిగితే తేనా?" అన్నప్పుడు అదే "తేనా" "తప్పకుండా తెస్తాను" అవుతుంది. "నేను" అనే చోట రెండు రూపాలూ ఒకేలా ఉంటాయి. బహువచనంలోకి మార్చి చూడండి, విడిపోతాయి. చీమలన్నీ కలిసి "పుట్టలో వేలు పెడితే కుట్టమా?" అంటే అది దబాయింపే. అనుమతి అడగాలంటే "కుట్టమంటావా?" అనాలి. "చీమ కుట్టదా?" అన్నా అంతే, అనుమతి అర్థం రాదు.

జవాబు చూసినా తెలుస్తుంది. దబాయింపుకి జవాబు "కుడతావులే". అడగడానికి జవాబు "కుట్టు" అనో "వద్దు" అనో. మీరు "వద్దు వద్దు" అని అరిచారంటే, రెండోసారి అడిగింది చీమ కాదు, తాతయ్య. ఒకే మాటని చీమ నోట్లోంచి తన వేళ్లలోకి తెచ్చుకున్నారాయన. "కుట్టకుండా ఉంటానా" అని రాస్తే గిల్లడానికి మాటే ఉండదు.

కరీంనగర్ నుంచి: మా తాత "శాపా శాపా ఎందుకెండలే?" అని మొదలుపెట్టి, "పుట్టల ఏలు వెడ్తె కుట్టనా?" దగ్గర ఆపేసేటోడు. గిల్లుడు లేదు. మేం నిద్రపోయినమా లేదా అని మొఖం మీద మొఖం పెట్టి చూసేటోడు. మాకు అది కోపంగానే వినపడేది, అడిగినట్టు ఎప్పుడూ అనిపించలే. గిల్లితేనే రెండో అర్థం వస్తదేమో.

రిటైర్డ్ తెలుగు మాస్టారు: మంచి మాట. వట్టి కాగితం మీద వాక్యం ముందు "వేలు పెడితే" ఉంది కాబట్టి దబాయింపే బలంగా వినిపిస్తుంది. రెండోసారి ఆ "పెడితే" లేదు, ఒట్టి "కుట్టనా?" మిగిలింది. సందు దొరికేది అక్కడే.

అడిగినవారు: అయితే రెండూ ఉంచేస్తాను. మధ్యలో "ఆఁ?" దగ్గర పేరా విరిచి, రెండో "కుట్టనా"ని కొత్త లైనులో పెడతాను. మొదటిదాన్ని మాత్రం పాపకి ఎలా పట్టించాలి? చదివేటప్పుడు గొంతు మారిస్తే చాలా, లేక ముందు "ఏం," అని చేర్చాలా?

కొత్త సభ్యుడు: "ఏం, కుట్టనా మరి?" అంటే దబాయింపు ఖాయం. "మరి" ఉంటే ఎవరూ పర్మిషన్ అనుకోరు.

అడిగినవారు: ఖాయమే, కానీ తాతయ్య "మరి" అనలేదు. నిన్న రాత్రి ఉన్నది ఉన్నట్టు చదివి గిల్లాను. పాప "కుట్టు" అంది.