పాత దస్తావేజు స్కానులో అంకె పోతే సారాంశంలో ఏం రాయాలి?

బెజవాడ_జూనియర్: లోను కోసం లీగల్ ఒపీనియన్‌కి 1974 నాటి విక్రయ దస్తావేజు సారాంశం రాస్తున్నాను. పార్టీ ఫోన్లో పంపిన స్కాను. షెడ్యూలులో విస్తీర్ణం ఎకరాలు-సెంట్లలో ఉంది, మడత మీద "య 0-4" వరకే కనబడుతోంది, తర్వాతి అంకె లేదు. లోపల మాత్రం సెంటు రూ.80 చొప్పున మొత్తం రూ.3,360 అని శుభ్రంగా ఉంది. పడమర హద్దు బొత్తిగా చదవలేం. 42 సెంట్లు అని రాసెయ్యచ్చా?

బ్రాడీపేట_4/14: రాసెయ్ తమ్ముడూ. 3,360ని 80తో భాగిస్తే 42. ఇది ఊహ కాదు, లెక్క. నాలుగో క్లాసు పిల్లాడు కూడా చెబుతాడు.

లంక_రైతు: 300 డీపీఐలో మళ్ళీ స్కాన్ చేయించండి సార్, వచ్చేస్తుంది.

బెజవాడ_జూనియర్: ఒరిజినల్ వాళ్ళ పెదనాన్న దగ్గర ఉందట, ఇవ్వనంటున్నాడు.

పాత_లేఖరి: బాబూ, ఆ ధర వాక్యం చివరిదాకా ఇక్కడ పెట్టు.

బెజవాడ_జూనియర్: "...సెంటు 1కి రు.80లు చొప్పున, అందలి బావిలో సగము హక్కుతో సహా వెరసి రు.3,360లకు..."

పాత_లేఖరి: అదీ సంగతి. ఆ 3,360లో బావి వాటా కూడా కలిసి ఉండొచ్చు. పొలం 41 సెంట్లయితే 3,280, మిగతా 80 బావికి. 40 అయితే 3,200, బావికి 160. రెండూ కుదురుతాయి. బావికి విడిగా ఏమీ కట్టకపోతేనే 42. భాగహారం తప్పు కాదు, కానీ దేన్ని భాగిస్తున్నామో పత్రం చెప్పడం లేదు. అందుకని సారాంశంలో ఇలా రాయి: "విస్తీర్ణం య 0-4_ సెంట్లు, చివరి అంకె మడతలో పోయింది. ధర మొత్తం భూమికే అనుకుంటే 42 వస్తుంది, పత్రంలో ఆ అంకె చదవలేదు." చదివింది ఒకచోట, లెక్క కట్టింది ఇంకోచోట ఉండాలి. రెండూ ఒకే వాక్యంలో కలిస్తే, తర్వాత చూసేవాడు 42 పత్రంలోనే ఉందనుకుంటాడు.

బ్రాడీపేట_4/14: గురువుగారూ, బావికి సగం హక్కుంటే ధర కట్టేవాళ్ళే కాదు ఆ రోజుల్లో.

పాత_లేఖరి: కట్టినవీ రాశాను, కట్టనివీ రాశాను.

తెనాలి_కోడలు: మా మామగారి పొలానికి ఇలాగే జరిగింది. ఒక గుమాస్తా పడమర హద్దు చదవలేక, పక్క దస్తావేజు చూసి "డొంక" అని వేశాడు. నిజానికి అక్కడ వేరేవాళ్ళ పొలం. ఇప్పటికీ దారి కోసం కొట్టుకుంటున్నాం. ఒక్క మాట "చదవలేకపోయాం" అని రాస్తే ఏం పోయేది?

బ్రాడీపేట_4/14: అమ్మా, అది హద్దు, ఇది అంకె. రెండింటికీ ముడిపెట్టకండి.

పాత_లేఖరి: జూనియర్ బాబూ, ఇంకోటి. మొత్తం ఎన్ని కాగితాలు వచ్చాయి? ప్రతి కాగితం వెనక రిజిస్ట్రారు ముద్రలో "మొత్తం కాగితముల సంఖ్య", "ఈ కాగితపు వరుస సంఖ్య" అని ఉంటాయి, చూడు.

బెజవాడ_జూనియర్: మొత్తం 4. నా దగ్గరున్నవి 1, 2, 4. అయ్యో, 3 లేదు! వెనక పేజీలు ఇప్పటిదాకా తెరవలేదు. రెండో కాగితం చివర వాక్యం పూర్తయినట్టే ఉంది, అందుకే అనుమానం రాలేదు. "తాకట్టు ప్రస్తావన లేదు" అని కూడా రాసేశాను.

పాత_లేఖరి: ఆ వాక్యం ముందు కొట్టెయ్. పోయిన అంకె కనీసం కనబడుతుంది. పోయిన కాగితం కనబడదు, అటూ ఇటూ అతుక్కుపోతుంది. "తాకట్టు లేదు" వేరు, "ఉన్న మూడు కాగితాల్లో కనబడలేదు, 3వ కాగితం అందలేదు" వేరు. పాత బాకీ సంగతి రాస్తే ఆ నడిమి కాగితంలోనే ఉండొచ్చు.

బ్రాడీపేట_4/14: ఇలా ప్రతిదానికీ "పోయింది, అందలేదు" అని రాసుకుంటూ పోతే బ్యాంకువాడు ఫైలు మొహాన కొడతాడు. పదేళ్ళ నుంచి చూస్తున్నా. ఖాళీలు పెట్టిన కుర్రాడికి పని రాదన్న పేరు. పూరించినవాడికి ఫీజు. మీకు పింఛను వయసొచ్చింది, నీతులు చెబుతారు.

పాత_లేఖరి: మాట జాగ్రత్త. సంతకం ఎవరిది, నీదా? రేపు 41 అని తేలితే సెంటుకి 48.4 గజాల చొప్పున లేని నేల మీద అప్పిచ్చినట్టు. అప్పుడు పెద్ద వకీలు "జూనియర్ రాశాడు" అంటాడు.

బ్రాడీపేట_4/14: అదే నేనూ అంటున్నా! ఖాళీ పెట్టినా జూనియరే, పూరించినా జూనియరే. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

తెనాలి_కోడలు: ఇది మాత్రం నిజం.

పాత_లేఖరి: ...సరే, అది ఒప్పుకుంటా. అందుకే ఖాళీ పక్కనే దారి కూడా రాయమంటాను. 1983కి ముందుది కాబట్టి ఆన్‌లైన్ ఈసీలో దొరకదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1వ పుస్తకంలో దస్తావేజు మొత్తం నకలు ఎక్కించి ఉంటుంది. నెంబరు, సంవత్సరం ఇచ్చి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించు. అంకె, హద్దు, 3వ కాగితం మూడూ అందులోనే చూసుకోవచ్చు. నెంబరు చదవగలుగుతున్నావా?

బెజవాడ_జూనియర్: నెంబరు బాగానే ఉంది. కానీ మా సార్ ఒపీనియన్ రేపు సాయంత్రానికి కావాలంటున్నారు. ఖాళీలున్న కాగితం చూపిస్తే ఏమంటారో.

బ్రాడీపేట_4/14: ఏమంటారో వచ్చి ఇక్కడ రాయి. అప్పుడు మాట్లాడదాం.