ఫ్లెక్సీ మీద 94% అని వేస్తే తప్పేంటి?

చిన్న_సెంటర్_సార్:
మాది చిన్న కోచింగ్ సెంటర్. ఈసారి రిజల్ట్స్ బాగానే వచ్చాయి. "94% సక్సెస్, టాప్ 100లో 3 ర్యాంకులు" అని ఫ్లెక్సీ డిజైన్ రెడీ. రెండూ లెక్క ప్రకారం కరెక్టే, కానీ మా ఫ్యాకల్టీలో ఒకాయన ఇది మోసం అంటున్నాడు. కింద చిన్న స్టార్ పెట్టి "షరతులు వర్తిస్తాయి" అంటే సరిపోదా?

బ్యాచ్_ఇంచార్జ్:
లెక్క కరెక్ట్ అయినప్పుడు మోసం ఎక్కడిది బ్రో. ఎవరైనా పరీక్ష రాసినవాళ్ల మీదే పర్సంటేజీ తీస్తారు, మధ్యలో మానేసి పోయినోడు పాఠమే వినలేదు, వాడి రిజల్ట్ మన నెత్తిన ఎందుకు. స్టార్ పెట్టి పని కానిచ్చెయ్.

పాత_ఫ్యాకల్టీ:
సార్, ముందు ఆ 94 ఎలా వచ్చిందో చెప్పండి. ఎంతమంది చేరారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు, ఎంతమంది రాశారు? ఆ ముగ్గురు ర్యాంకర్లు మీ దగ్గర ఏ కోర్సులో ఉన్నారు?

చిన్న_సెంటర్_సార్:
160 మంది చేరారు, 38 మంది మధ్యలో మానేశారు, 122 మిగిలారు. వాళ్లలో ఒక 18 మందికి ప్రిపరేషన్ చాలదని ఈసారి వద్దులే వచ్చే ఏడాది రాద్దువుగాని అని మేమే చెప్పి ఆపాం. 104 మంది రాస్తే 98 పాస్.
ర్యాంకులు 41, 67, 88. 41 వచ్చినమ్మాయి ఏడాది కోర్సు. 67 అబ్బాయి టెస్ట్ సిరీస్ ఒక్కటే తీసుకున్నాడు. 88 అనేది కేటగిరీ ర్యాంకు, ఓవరాల్‌లో అయితే 1900 దాటింది.

పాత_ఫ్యాకల్టీ:
ఇప్పుడు చూడండి. అదే 98ని 104తో భాగిస్తే 94, 122తో భాగిస్తే 80, చేరిన 160తో భాగిస్తే 61. మూడూ లెక్క తప్పని అంకెలే. కానీ ఫ్లెక్సీ కింద నిలబడి చదివే పిల్లాడికి కావాల్సింది ఒక్కటే, ఇక్కడ ఫీజు కడితే నా సంగతేంటి అని. వాడు ఫీజు కట్టే రోజున ఆ 160లో ఒకడు. 104లోకి చేరతాడో లేదో వాడికీ తెలీదు, మీకూ తెలీదు.

మానేసిన 38 గురించి వాదించుకోవచ్చు, నన్ను అసలు ఇబ్బంది పెట్టేది ఆ 18. వాళ్లు ఫీజు కట్టారు, క్లాసులు విన్నారు, మీరే ఆపారు. అంటే ఫెయిలయ్యే అవకాశం ఉన్నవాళ్లని మీ చేత్తో మీరే లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్ల మీద పర్సంటేజీ వేస్తున్నారు. మంచి మనసుతోనే ఆపి ఉండొచ్చు, కాదనను, కానీ ఇదే పద్ధతిలో రేపు ఫెయిలయ్యేలా ఉన్న ఇంకో ఐదుగురిని ఆపితే మీ బోధన ఇసుమంత మారకుండానే 94 కాస్తా 99 అవుతుంది. సెంటర్ చేతిలో ఉన్న అంకెతో భాగించకూడదు, అదీ అసలు పాయింట్.

ఇద్దరి_నాన్న:
ఆ పద్దెనిమిది మంది మాటకొస్తే మా పెద్దోడు అలాంటివాడే అండీ. మీ సెంటర్ కాదు, వేరేది. నువ్వు రాస్తే పోతుంది, ఏడాది ఆగు అన్నారు. మావాడు వినకుండా రాసేశాడు, పాసయ్యాడు కూడా. విచిత్రం ఏంటంటే రిజల్ట్ వచ్చిన మర్నాడు వాడి పేరు కూడా వాళ్ల లిస్టులో ఎక్కింది! పోతే మనోడు కాదు, వస్తే మనోడు.

టాపర్_చెల్లి:
మా అక్క ఫోటో మూడు ఇన్‌స్టిట్యూట్లు వేసుకున్నాయి. ఒకదాంట్లో ఒకే ఒక్క మాక్ ఇంటర్వ్యూకి వెళ్లింది, అదీ ఫ్రీగా. దీనికి డబ్బులు ఏమైనా అడగొచ్చా? ఫ్లెక్సీ మీద ఫోటో వేస్తే టాపర్‌కి వాటా ఉంటుంది కదా?

పాత_ఫ్యాకల్టీ:
అమ్మా, ఇక్కడి ప్రశ్న అది కాదు గానీ మీరు చెప్పింది మాత్రం దీనికి బాగా సంబంధించిందే. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ యాడ్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. టాపర్ పేరూ ఫోటో వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, అదీ సెలెక్ట్ అయిన తర్వాత తీసుకున్నది. అడ్మిషన్ రోజున ఫారాల కట్టలో కలిపి సంతకం పెట్టించుకున్నది పనికిరాదు. ఏ కోర్సు, ఎన్నాళ్లు, డబ్బు కట్టి చేరారా ఫ్రీగానా అనేది కూడా యాడ్‌లోనే చెప్పాలి. మీ అక్క అనుమతి ఇవ్వకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టొచ్చు.

సార్, మీ స్టార్ సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. షరతు అక్షరాలు కూడా క్లెయిమ్ అక్షరాలంత సైజులో ఉండాలి. 94 మూడడుగుల్లో, స్టార్ కింద విషయం చీమ తలకాయంత అంటే కుదరదు.

బ్యాచ్_ఇంచార్జ్:
చెప్పడం తేలికే. పక్క సెంటర్ వాడు 100% అని వేస్తుంటే మనం 61 అని వేసుకుంటే ఎవడు చేరతాడు? నిజాయితీ చూపించి షట్టర్ దించుకోవాలా? పైగా మొదటి వారంలోనే నచ్చక వెళ్లిపోయినోడిని కూడా ఫెయిల్ కింద లెక్కేస్తే అది మాత్రం నిజమా?

పాత_ఫ్యాకల్టీ:
ఆ చివరి మాట ఒప్పుకుంటా. అందుకే గడువు పెట్టుకోవాలి, చేరి 15 రోజుల తర్వాత రోల్స్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారు అని. ఆ గడువు మాత్రం రిజల్ట్ రాకముందే, బ్యాచ్ మొదలైనప్పుడే రాసిపెట్టుకోవాలి, రిజల్ట్ చూశాక పెట్టుకునే గడువు మళ్లీ మనకి నచ్చిన అంకె దగ్గరే ఆగుతుంది. ఇంకోటి, ఎంట్రన్స్ టెస్ట్ పెట్టి మంచి మార్కుల వాళ్లనే చేర్చుకుంటే అది కూడా రాయాలి, ఎందుకంటే అప్పుడు పాస్ రేటులో సగం గొప్పతనం వడపోతదే.

ర్యాంకుల విషయంలో 88 పక్కన "కేటగిరీ ర్యాంకు" అని లేకపోతే అది అబద్ధమే, షరతు మర్చిపోయాం అనడానికి లేదు. 67 పక్కన "టెస్ట్ సిరీస్ మాత్రమే" అని ఉండాలి, లేకపోతే ఏడాది ఫీజు కట్టేవాడు ఆ ర్యాంకు మీ ఏడాది క్లాసుల వల్ల వచ్చిందనుకుంటాడు.

చిన్న_సెంటర్_సార్:
రిజిస్టర్ తీసి చూశాను. 38 మందిలో 11 మంది మొదటి 15 రోజుల్లోనే ఫీజు వాపసు తీసుకుని వెళ్లిపోయారు. అంటే లెక్కలోకి వచ్చేది 149, దాని మీద 98 అంటే 66%. గడువు ఇప్పుడు పెట్టుకున్నదే కాబట్టి, మీరన్నట్టే, 160 కూడా దాచకుండా రాస్తున్నాను. కొత్త డ్రాఫ్ట్:

"160 మంది చేరారు. మొదటి 15 రోజుల్లో 11 మంది ఫీజు వాపసు తీసుకున్నారు. మిగిలిన 149 మందిలో 104 మంది పరీక్ష రాశారు, 98 మంది పాస్. ఓవరాల్ ర్యాంకు 41 (ఏడాది కోర్సు, ఫీజు కట్టి). ఓవరాల్ ర్యాంకు 67 (టెస్ట్ సిరీస్ మాత్రమే, ఫీజు కట్టి)."

88ని తీసేశాను. పర్సంటేజీ అసలు వేయలేదు, మనుషుల లెక్క చాలనిపించింది. 67 అబ్బాయి అనుమతి ఇంకా రాలేదు, వచ్చేదాకా ఫోటో లేదు. డిజైనర్ మాత్రం ఇంత మ్యాటర్ ఒకే సైజులో పట్టదు అని గొడవ.

బ్యాచ్_ఇంచార్జ్:
అన్నా ఇది ఫ్లెక్సీనా, హాజరు పట్టికనా 😂 45 మంది ఎందుకు రాయలేదని అడిగితే ఏం చెప్తావ్?

చిన్న_సెంటర్_సార్:
18 మందిని మేమే ఆపామని చెప్తా. మిగతా 27 మంది ఎందుకు మానేశారో నాకే తెలీదు, రేపటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నా.

ఇద్దరి_నాన్న:
మా చిన్నోడికి ఈ ఏడాది సెంటర్ వెతుకుతున్నాం అండీ, ఆ ఫోన్లు అయ్యాక వాళ్లేం చెప్పారో కూడా ఇక్కడ పెట్టండి.