3.5 కోట్లు ఇంగ్లీషు రిపోర్టులో ఎన్ని మిలియన్లు? జనాభా లెక్కల మీద ఒక చర్చ

గోదావరిగట్టు: ఒక ఆరోగ్య సర్వే రిపోర్టుని ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. అందులో తెలంగాణ జనాభా 3.5 కోట్లు, హైదరాబాద్ 77 లక్షలు, దేశం 121 కోట్లు అని ఉంది. అన్నీ 2011 జనగణనవే. ఇంగ్లీషు పాఠకులు విదేశాల వాళ్లు. నాకు ముందు చేసినవారు తెలంగాణకి 3.5 మిలియన్ అని రాసి వెళ్లారు. అది తప్పని తెలుస్తోంది, కానీ ప్రతిసారీ సున్నాలు లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. తేలిక దారి ఏదైనా ఉందా?

సున్నా_చాలు: చాలా సింపుల్ అండి. 10 లక్షలు ఒక మిలియన్. కాబట్టి దశాంశ చుక్కని ఒక స్థానం ఎడమకి జరిపితే సరిపోతుంది. 77 లక్షలు 7.7 మిలియన్. 3.5 కోట్లు 0.35 మిలియన్.

డెస్క్‌మనిషి: మొదటిది సరే, రెండోది కాదండి. లక్షలకి చుక్క ఎడమకి జరుగుతుంది, కోట్లకి కుడికి. కోటి అంటేనే 10 మిలియన్లు కదా, 3.5 కోట్లు 35 మిలియన్. ఇక బిలియన్ అంటే 100 కోట్లు, అందుకే 121 కోట్లు 1.21 బిలియన్ అవుతుంది.

చుక్కతో తికమకైతే గుణకారం మానేసి పూర్తి అంకె తీసుకోండి. తెలంగాణది 3,50,03,674. కామాలన్నీ తీసేయండి. కుడి నుంచి మూడేసి అంకెలకొక కామా పెట్టుకుంటూ రండి. 35,003,674 వస్తుంది. ఇందులో ఎడమ నుంచి మొదటి కామాకి ముందున్న 35 మిలియన్లు. అంకెలు ఒక్కటీ మారలేదు, కామాలే జరిగాయి.

అసలు తప్పు జరిగేది దీన్ని వెనక్కి చదివేటప్పుడు. మన కంటికి రెండు కామాలు కనిపిస్తే లక్షలు, మూడు కనిపిస్తే కోట్లు. 35,003,674లో ఉన్నవి రెండే. దాంతో చూడగానే 35 లక్షలు అని నోటికి వచ్చేస్తుంది. 35 లక్షల అంకె 35,03,674లా ఉంటుంది. రెండూ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి, తేడా ఒక్క సున్నా. మీ ముందువారి 3.5 మిలియన్ ఇలాగే వచ్చి ఉంటుందని నా అనుమానం. 35 లక్షలంటే సరిగ్గా 3.5 మిలియనే కదా.

టెక్సస్_తెలుగు: బిలియన్ వాడటమే ప్రమాదం. బ్రిటిష్ ఇంగ్లీషులో బిలియన్ అంటే లక్ష కోట్లు. మా అబ్బాయికి కోటి గురించి చెప్పబోతే నాకే టెన్షన్ వచ్చేసింది.

పాతపేజీ: ఒకప్పుడు అంతే. కానీ బ్రిటన్ ప్రభుత్వమే 1974లో 100 కోట్ల అర్థానికి మారిపోయింది. ఇప్పటి ఇంగ్లీషు రిపోర్టులో ఆ భయం అక్కర్లేదు. జర్మన్, ఫ్రెంచ్ పత్రాలు చూసి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త, వాళ్ల బిలియన్ ఇప్పటికీ లక్ష కోట్లే.

గోదావరిగట్టు: కామాల పద్ధతి బాగుంది, థాంక్సండి. ఇంకో చిక్కు. ఒక పాత ఇంగ్లీషు పత్రంలో హైదరాబాద్‌కి 3.9 మిలియన్ అని ఉంది. నాకు వచ్చింది 7.7. వాళ్లూ ఎక్కడో సున్నా తప్పారా?

డెస్క్‌మనిషి: సున్నా తప్పితే తేడా 10 రెట్లో 100 రెట్లో ఉంటుంది. ఇక్కడ సుమారు రెట్టింపే ఉంది కాబట్టి మార్పిడి తప్పు కాదు, హద్దుల తేడా. 3.9 హైదరాబాద్ జిల్లాది, 39,43,323 మంది. మీ 77 లక్షలు చుట్టుపక్కల పట్టణ ప్రాంతమంతా కలిపినది. రిపోర్టులో ఏ హైదరాబాదో రాయకపోతే మిలియన్లు సరిగ్గా వేసినా చదివేవాళ్లు పొరబడతారు.

తెలంగాణకీ ఇలాంటిదే ఎదురవుతుంది. కొన్నిచోట్ల 35.2 మిలియన్ కనిపిస్తుంది. అది 3,51,93,978 నుంచి వచ్చింది, 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లకముందు లెక్క. రెండూ 2011 అంకెలే.

పాతపేజీ: ఒక్కమాట. మూలంలో 'సుమారు 3.5 కోట్లు' అని మాత్రమే ఉంటే 35 మిలియన్ దగ్గర ఆగండి. 35.00 అని రాస్తే మూలంలో లేని కచ్చితత్వం తెచ్చిపెట్టినట్టు.

సున్నా_చాలు: కుడి, ఎడమ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఈ మార్పిడంతా ఎందుకండి? మన దేశంలో ఇంగ్లీషు పేపర్లు కోట్లనే రాస్తాయి. కోటి అనే ఉంచి, మొదటిసారి పక్కన మిలియన్లు ఇస్తే చాలదా?

డెస్క్‌మనిషి: పాఠకులు ఇక్కడివాళ్లయితే మీతో ఏకీభవిస్తాను. బయటివాళ్లకైతే ఒకే పద్ధతి మేలు. పట్టికలో మిలియన్లు, వాక్యాల్లో కోట్లు పెట్టారంటే రెండో పేజీకే ఎవరో ఒకరు పొరబడతారు.

పాతపేజీ: నేను మాత్రం రెండూ పక్కపక్కన ఉండాలనే అంటాను. ఒక అంకె తప్పు పడితే రెండోదాన్ని చూసి పట్టుకోవచ్చు.

గోదావరిగట్టు: పట్టికలో మిలియన్లే వేస్తున్నాను. హైదరాబాద్ వరస పక్కన జిల్లానా, పట్టణ ప్రాంతమంతానా అన్నది చేరుస్తాను. వాక్యాల్లో కోట్లు ఉంచాలా వద్దా అన్నది రిపోర్టు రాయించుకున్నవాళ్లనే అడుగుతాను.