గైడెన్స్ వాల్యూ కంటే తక్కువ ధరకి సైట్ కొంటున్నాం. స్టాంప్ డ్యూటీ దేని మీద కట్టాలి?

శ్రావణి (కె.ఆర్.పురం): అందరికీ నమస్కారం. బెంగళూరు కార్పొరేషన్ పరిధిలోనే ఒక థర్టీ ఫార్టీ సైట్ మాట్లాడుకున్నాం. అమ్మేవాళ్ళకి డబ్బు అర్జెంటు, అందుకే 72 లక్షలకి ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ కావేరి పోర్టల్‌లో చూస్తే ఆ లేఅవుట్‌కి ప్రభుత్వం పెట్టిన గైడెన్స్ వాల్యూ 75,000 అని ఉంది. 1200 అడుగులతో గుణిస్తే 9 కోట్లు వస్తోంది! నాకు నిన్నటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను? అసలు మాకు రిజిస్ట్రేషన్‌కి ఎంత అవుతుంది?

రమణయ్య: కంగారు పడకమ్మా. ఆ 75,000 చదరపు మీటరుకి. నువ్వు అడుగులతో గుణించావు. మీటరుకి 10.764 అడుగులు, కాబట్టి నీ సైట్ 111.48 మీటర్లు. దాన్ని 75,000తో గుణిస్తే 83,61,000. అయినా నువ్వు ఇచ్చేది 72 లక్షలే కదా, దాని మీద 5.6 శాతం స్టాంప్ డ్యూటీ, 1 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు కడితే సరిపోతుంది. మా అబ్బాయి ఫ్లాట్‌కి అలాగే కట్టాం.

గీత (చెన్నై): మాకు పోయినేడాది 9 శాతం పడింది. 7 స్టాంప్, 2 రిజిస్ట్రేషన్. మీకు 6.6 అంటే చాలా తక్కువ! ఆడవాళ్ళ పేరు మీద రాయిస్తే ఇంకా తగ్గుతుందేమో కనుక్కో శ్రావణీ. మాకు 10 లక్షల లోపు ఆస్తికే ఒక శాతం తగ్గింపు అన్నారు, మాది దాటిపోయింది.

ఖాదర్: గీత గారూ, మీరు చెప్పింది తమిళనాడు లెక్క, దానికి కర్ణాటక లెక్కకి సంబంధం లేదు. మీటరు లెక్క విషయంలో రమణయ్య గారు చెప్పింది కరెక్టే. మిగతా రెండూ సరిచేయాలి. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం. మీ అబ్బాయి కొన్నది అంతకు ముందై ఉంటుంది. రెండోది, డ్యూటీ వేసేది రాసుకున్న ధర, గైడెన్స్ వాల్యూ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద.

శ్రావణి గారూ, మీ లెక్క ఇలా ఉంటుంది. 83,61,000 మీద 5 శాతం డ్యూటీ 4,18,050. ఆ డ్యూటీ మీద 10 శాతం సెస్సు 41,805, 2 శాతం సర్‌చార్జి 8,361. గమనించండి, సెస్సు, సర్‌చార్జి ఆస్తి విలువ మీద కాదు, డ్యూటీ మీద. అందుకే 5 శాతం అన్నది 5.6 అవుతుంది. మొత్తం 4,68,216. రిజిస్ట్రేషన్ ఫీజు 1,67,220 కలిపితే 6,35,436. అదే 72 లక్షల మీద అయితే 5,47,200 అయ్యేది. తేడా 88 వేల పైచిలుకు.

మోహన్: అక్కా, మా లేఅవుట్‌లో అందరూ చేసేది చెప్తా. డీడ్‌లో 65 రాయించి మిగతా 7 క్యాష్ ఇచ్చేయండి. డ్యూటీ తగ్గుతుంది.

ఖాదర్: వద్దు మోహన్. దీని వల్ల స్టాంప్ డ్యూటీలో ఒక్క రూపాయి కూడా తగ్గదు. రాసిన ధర గైడెన్స్ కంటే తక్కువే కాబట్టి, 72 రాసినా 65 రాసినా లెక్క 83.61 మీదే. పైగా ఆదాయపు పన్ను ఇంకా పెరుగుతుంది. అమ్మేవాళ్ళకి కూడా ప్రమాదమే. స్థలం సొమ్ము 20,000, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్నంత పెనాల్టీ వేయవచ్చు.

ఈ పన్ను సంగతి చాలామంది రిజిస్ట్రేషన్ అయిపోయాక తెలుసుకుంటారు, అందుకే వివరంగా రాస్తున్నాను. స్టాంప్ డ్యూటీకి పట్టించిన విలువ, మీరు ఇచ్చిన ధర కంటే 10 శాతానికి మించి ఎక్కువైతే, ఆ తేడాని కొన్నవాళ్ళ ఆదాయంగా లెక్కేస్తారు. 72 మీద 10 శాతం కలిపితే 79.2 లక్షలు. మీది 83.61. అంటే దాటింది.

మోహన్: సరే, క్యాష్ మాట వదిలేద్దాం. దాటింది 4.41 లక్షలే కదా అన్నా? దాని మీద పన్ను పెద్దగా ఏముంటుంది?

ఖాదర్: అక్కడే చాలామంది పొరబడతారు. 10 శాతం లోపల ఉంటే ఏమీ లేదు. దాటితే మొత్తం తేడా, అంటే 11.61 లక్షలు ఆదాయంలో కలుస్తుంది. శ్రావణి గారు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి సుమారు 3,62,000. డ్యూటీలో పెరిగిన 88 వేల కంటే ఇది పెద్ద దెబ్బ. అమ్మేవాళ్ళకి కూడా లాభం లెక్కలో అమ్మకం ధరగా 83.61 నే తీసుకుంటారు, వాళ్ళకీ చెప్పండి. టీడీఎస్ ఒక శాతం కూడా పెద్ద విలువ మీదే, 83,610 పట్టి కట్టాలి.

శ్రావణి: ఖాదర్ గారూ, చాలా థాంక్స్. కానీ కడుపులో తిప్పుతోంది. ధరనే 76 లక్షలకి పెంచి నిజంగానే అంత ఇస్తే పన్ను తప్పుతుంది కదా?

ఖాదర్: 76.01 లక్షలైతే 10 శాతం లోపలికి వస్తారు. కానీ 3.62 లక్షల పన్ను తప్పించుకోవడానికి అమ్మేవాళ్ళకి 4 లక్షలు ఎక్కువ ఇచ్చినట్టు అవుతుంది. నేనైతే సలహా ఇవ్వను. పన్ను పడిన ఆ 11.61 లక్షలు రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధరలో కలుస్తాయి కూడా, పూర్తిగా నష్టం కాదు.

సైట్‌కి నిజంగా అంత విలువ లేదని మీ దగ్గర ఆధారం ఉంటే రెండు దారులు ఉన్నాయి. సబ్ రిజిస్ట్రార్ చెప్పిన విలువకి ఒప్పుకోకపోతే విషయం జిల్లా రిజిస్ట్రార్‌కి వెళుతుంది, విలువ తేలేదాకా డాక్యుమెంటు పెండింగ్‌లో ఉంటుంది. బ్యాంకు లోను ఉంటే ఆ జాప్యం భరించడం కష్టం. రెండోది, పన్ను అధికారి దగ్గర అభ్యంతరం చెప్తే వాల్యుయేషన్ ఆఫీసర్‌కి పంపమని అడగవచ్చు.

వీటికి ముందు ఒక ప్రశ్న. మీరు చూసిన 75,000 ఏ వరసలోది? అదే లేఅవుట్ పేరుతో మెయిన్ రోడ్డుకి ఒక రేటు, లోపలి అడ్డరోడ్లకి ఇంకో రేటు ఉండొచ్చు.

శ్రావణి: అయ్యో, మళ్ళీ చూశాను. మెయిన్ రోడ్డు వరస 75,000, లోపలి రోడ్లకి 66,000 అని ఉంది. మా సైట్ రెండో అడ్డరోడ్డులో ఉంది. కానీ పాత సేల్ డీడ్‌లో హద్దు "లేఅవుట్ రోడ్డు" అనే రాశారు.

ఖాదర్: 66,000 అయితే విలువ 73,57,680. అది 79.2 లోపల, కాబట్టి పన్ను పడదు. మొత్తం ఖర్చు కూడా 5.59 లక్షలకి దిగుతుంది. లేఅవుట్ ప్లాన్, కార్పొరేషన్ వాళ్ళిచ్చే ఆస్తి ఖాతా, పాత డీడ్ మూడూ తీసుకెళ్ళి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏ వరస వర్తిస్తుందో ముందే అడగండి. చలాన్ కట్టాక కాదు.

రమణయ్య: రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం అయిందని తెలియలేదు. ఖాతా కూడా ఇప్పుడు ఈ-ఖాతానే కావాలంటున్నారు, అది ఉందో లేదో చూసుకో తల్లీ.

గీత (చెన్నై): మరి సైట్‌లో పాత షెడ్డు ఉంటే దాని విలువ కూడా కలుపుతారా?

ఖాదర్: కట్టడం ఉంటే కలుపుతారు. షెడ్డుకి ఎంత తగ్గించి వేస్తారన్నది ఆఫీసు వాళ్ళు చూసి చెప్పాల్సిందే. శ్రావణి గారూ, మీ సైట్‌లో ఏమైనా ఉందా?

శ్రావణి: ఒక రేకుల గది ఉంది, వాచ్‌మన్ కోసం కట్టారట. సోమవారం కాగితాలన్నీ పట్టుకుని వెళ్తున్నాం. రోడ్డు వరస గురించి, ఆ గది గురించి వాళ్ళు ఏమంటే అది ఇక్కడే రాస్తాను.