అప్‌డేట్: నాన్న సీఎల్ఎల్, పెరుగుతున్న కౌంట్

నా పాత ప్రశ్న: "నాన్నకి సీఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్ అన్నారు. లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు 42,000 నుంచి 61,000కి పెరిగినా డాక్టర్ మందు మొదలుపెట్టట్లేదు. వేరే డాక్టర్‌కి చూపించాలా?"

చూపించాం. ఆవిడా ఆగమనే అన్నారు, కానీ ఎందుకో కూర్చోబెట్టి చెప్పారు. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పరిచి, ఎంత పెరిగిందని కాకుండా ఎంత కాలంలో పెరిగిందని చూశారు. ఆ పెరుగుదలకి 14 నెలలు పట్టింది. ఈ వేగంతో రెట్టింపు కావాలంటే రెండేళ్ల పైమాటే. ఆరు నెలల్లోపే రెట్టింపైతే అప్పుడు మందు గురించి ఆలోచిస్తారట. నేను మాత్రం ఇన్నాళ్లూ రిపోర్టులో ఎర్రగా ఉన్న ఆ ఒక్క అంకెనే చూస్తూ కూర్చున్నాను!

ఆవిడ అసలు వెతికింది వేరే కాగితంలో. హిమోగ్లోబిన్ 12.8, ప్లేట్‌లెట్లు 1,70,000. రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ దెబ్బతిని ఇవి 10కి, లక్షకి దిగువకి జారుతుంటే ఆగకూడదు. ఇన్ఫెక్షన్ లేకుండా రెండు వారాలకు మించి జ్వరం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం, ఇవీ మందు మొదలుపెట్టాల్సిన గుర్తులే. నాన్నకి ఇవేవీ లేవు. లక్షణాలు లేనివాళ్లకి ముందే మందిచ్చి చూసిన పరీక్షల్లో ఆయుష్షు పెరగలేదట, దుష్ప్రభావాలు మాత్రం తప్పలేదు.

మాకెవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. కౌంట్ ఎక్కువున్నా ఈ కణాలు ఇన్ఫెక్షన్‌తో సరిగ్గా పోరాడవు. అందుకే ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించాం. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం వద్దన్నారు.

మళ్లీ పరీక్ష మూడు నెలలకి. ఈలోగా నాన్న బరువు నేను రాస్తున్నాను, ఆయన విసుక్కుంటున్నారు.