అప్‌డేట్: అమ్మకాలు 10 శాతం పడితే లాభం ఎంత పడుతుంది? (లెక్క తేలింది)

నా ప్రశ్న: "నూలు మిల్లు అమ్మకాలు 10 శాతం తగ్గితే పన్నుకు ముందు లాభం ఎంత తగ్గుతుంది?"

సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ఫిక్స్‌డ్ ఖర్చు, వడ్డీ వల్ల లాభంలో మార్పు ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే రెండు లీవరేజీలను కూడకుండా గుణించమన్నదే పనిచేసింది. అమ్మకాలు 10 కోట్లు, వేరియబుల్ ఖర్చు 6, ఫిక్స్‌డ్ ఖర్చు 2.4, వడ్డీ 0.8 కోట్లు. వేరియబుల్ ఖర్చు పోగా కాంట్రిబ్యూషన్ 4, ఫిక్స్‌డ్ ఖర్చు కూడా పోగా నిర్వహణ లాభం 1.6, కాబట్టి ఆపరేటింగ్ లీవరేజ్ 4 ÷ 1.6 = 2.5. వడ్డీ పోగా మిగిలేది 0.8, అంటే ఫైనాన్షియల్ లీవరేజ్ 1.6 ÷ 0.8 = 2. మొత్తం 5 రెట్లు: లాభం సగానికి, 40 లక్షలకు పడుతుంది.

అక్కడి నుంచి, అంటే కాంట్రిబ్యూషన్ 3.6, లాభం 0.4 అయ్యాక, ఆ 5 కాస్తా 9 అవుతుంది (3.6 ÷ 0.4), పాత అంకె పనికిరాదు.

సీఏ గారు పట్టిన అసలు మెలిక వేరే: ఇదంతా సరుకు పరిమాణం తగ్గితేనే. నూలు ధరే 10 శాతం పడి పత్తి ధర తగ్గకపోతే కోటి రూపాయలూ కాంట్రిబ్యూషన్‌లోంచే పోతాయి, 20 లక్షల నష్టం. పన్ను రేటు గురించిన చర్చ ఈ లెక్కకు అనవసరం.