స్టడీ 329: చెక్‌లిస్ట్‌లో అన్నీ "అవును" వస్తుంటే మంచి ట్రయలే అనాలా?

పీజీ రెండో ఏడు: శుక్రవారం నా జర్నల్ క్లబ్. టీనేజ్ డిప్రెషన్‌లో పారోక్సెటిన్ అనే మందు మీద 2001లో వచ్చిన స్టడీ 329 తీసుకున్నా. ట్రయల్ పేపర్ ఎంత నమ్మదగిందో చూసే కాస్ప్ చెక్‌లిస్ట్ నింపితే రాండమైజేషన్, బ్లైండింగ్ అన్నిటికీ "అవును" వస్తోంది. మరి అందరూ తిడతారేంటి?

లెక్కల మామ: 275 మందిని మూడు గ్రూపులు చేస్తే ఒక్కో దాంట్లో ఎంతమంది మిగులుతారు? పవర్ చాలదు. అదే లోపమని రాసెయ్.

వార్డు రౌండ్: మామా, పవర్ చాలకపోతే ఉన్న తేడా కనబడకుండా పోతుంది, నిజమే. ఇక్కడ గొడవ వేరు. తమ్ముడూ, నువ్వు అచ్చయిన పేపర్ ఒక్కటే ముందు పెట్టుకుని నింపావు, ఆ పేపర్ రాసినవాళ్లు ఏం చూపించాలనుకున్నారో అదే నీకు కనబడింది. పక్కన ట్రయల్‌కి ముందే రాసుకున్న ప్లాన్, అంటే ప్రోటోకాల్, పెట్టుకో. అందులో రెస్పాన్స్ అంటే డిప్రెషన్ తీవ్రత కొలిచే హామ్-డి స్కోరు 8కి గానీ అంతకన్నా కిందకి గానీ రావాలి, లేదా మొదటి స్కోరులో సగమైనా తగ్గాలి. అలా లెక్కేస్తే పారోక్సెటిన్‌లో 66.7 శాతం, ప్లాసిబోలో 55.2, p విలువ 0.11, అంటే తేడా ఉందని గట్టిగా చెప్పలేం. పేపర్లో ఆ "సగం తగ్గడం" ముక్క వదిలేసి, 8 దాకా దిగినవాళ్లనే లెక్కపెట్టి రెమిషన్ అన్నారు. 63.3కి 46, p విలువ 0.02, ఇప్పుడు తేడా ఉన్నట్టే కనబడుతుంది! పిల్లలు వాళ్లే, స్కోర్లూ అవే.

ఇద్దరు పిల్లల అమ్మ: మా బాబుకి పదహారేళ్లు, ఫ్లూఆక్సెటిన్ వేస్తున్నాం. ఇది చదివాక టెన్షన్‌గా ఉంది, ఆపేయమంటారా?

వార్డు రౌండ్: అమ్మా, ఇది వేరే మందు ట్రయల్. మీ అంతట మీరు ఆపకండి, రాసిచ్చిన డాక్టర్‌ని అడగండి. బాబు చనిపోవాలని ఉందన్నా, ఉన్నట్టుండి చిరాకు, నిద్రలేమి ఎక్కువైనా ఆ రోజే ఫోన్ చేయండి.

తమ్ముడూ, ఆవిడ భయానికీ ఈ పేపర్‌కీ కొంత లింకు ఉంది. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఇందులో "ఎమోషనల్ లేబిలిటీ", అంటే మూడ్ ఊగిసలాట, అనే పేరు కింద పడ్డాయి. టేబుల్ చూసి దాటేస్తే ఎవరికీ అనుమానం రాదు. 2015లో బీఎంజేలో వచ్చిన పునర్విశ్లేషణ పేషెంట్ల రికార్డుల దాకా వెళ్లింది, అది తప్పక చదువు.

పీజీ రెండో ఏడు: అయితే కాస్ప్ పక్కన పెట్టి ట్రయల్‌లో పక్షపాతం రిస్క్ ఎంతో అంచనా వేసే కాక్రేన్ ఆర్ఓబీ 2 వాడాలా సార్?

వార్డు రౌండ్: అందులో ఐదో డొమైనే ఇది, ఫలితాల్లోంచి ఏరుకుని చూపించారా అని. నేనైతే అక్కడ "హై" రిస్క్ అని పెడతా. అక్కడ హై పడితే మొత్తం హైయే, రాండమైజేషన్ ఎంత బాగున్నా సరే.

లెక్కల మామ: ఒప్పుకున్నా. కానీ 329కి కోర్టు కేసుల పుణ్యమా అని కాగితాలు బయటికొచ్చాయి. మిగతా పాత ట్రయల్స్‌కి ప్రోటోకాల్ ఎక్కడ దొరుకుతుంది?

వార్డు రౌండ్: దొరక్కపోతే "సమాచారం లేదు" అని టిక్ పెట్టాలి మామా, "అవును" అని కాదు.

లెక్కల మామ: అలాగైతే సగం పాత పేపర్లకి అదే టిక్ పడుతుంది. ఇంక జర్నల్ క్లబ్‌లో ఏం మాట్లాడుకుంటాం?